పరగడుపు షుగర్ మామూలుగా ఉన్నప్పుడు పీసీఓఎస్ ఉన్నవారు ఇడ్లీ, అన్నం ఎందుకు తగ్గించాలి?

పటమట అమ్మాయి
అందరికీ నమస్కారం. నాకు 26 ఏళ్లు. విజయవాడలో ఒక బ్యాంకులో పనిచేస్తున్నాను. నెలసరి యాభై రోజులకో డెబ్బై రోజులకో వస్తుండడం వల్ల, గడ్డం కింద రోమాలు కూడా పెరుగుతుండడం వల్ల పరీక్షలు చేయించుకుంటే పీసీఓఎస్ అనే అండాశయ హార్మోన్ల సమస్య అని తేల్చారు. ఎత్తు 158 సెం.మీ., బరువు 71 కిలోలు. పరగడుపు షుగర్ 91, మూడు నెలల సగటు చూపే పరీక్షలో 5.4 వచ్చాయి. రెండూ మామూలుగానే ఉన్నాయన్నారు. పరగడుపు ఇన్సులిన్ మాత్రం 22 ఉంది. మందుల చీటీ చివర "పిండిపదార్థాలు తగ్గించాలి" అని ఒక్క వాక్యం రాసి పంపించారు.

నాకు షుగర్ లేనప్పుడు షుగర్ ఉన్నవాళ్ల పథ్యం నేనెందుకు చేయాలో అర్థం కాలేదు. పొద్దున ఆరున్నరకు బెల్లం వేసిన రాగి జావ, ఎనిమిదిన్నరకు నాలుగు ఇడ్లీలు, పల్లీ చట్నీ, పదకొండుకు టీ, బిస్కెట్లు, మధ్యాహ్నం క్యారియర్‌లో అన్నం, పప్పు, ఏదో ఒక వేపుడు, పెరుగు, సాయంత్రం మళ్లీ టీ, రాత్రి తొమ్మిదిన్నర దాటాక మళ్లీ అన్నం. బయటి తిండి దాదాపు లేదు. ఇందులో తప్పు ఎక్కడుందో తెలిసినవారు చెప్పగలరా?

మిల్లెట్ మాస్టారు
అమ్మా, తప్పంతా తెల్లబియ్యంలోనే ఉంది. ఇడ్లీ రవ్వ కూడా బియ్యమే కదా. రెండూ పూర్తిగా మానేసి, పొద్దున రాగి జావను పెద్ద గ్లాసుడు చేసుకోండి, మధ్యాహ్నం కొర్రన్నం, రాత్రి జొన్నరొట్టె తినండి. చిరుధాన్యాలలో పీచు ఉంటుంది కాబట్టి షుగర్ నెమ్మదిగా పెరుగుతుంది, ఇన్సులిన్ దానంతట అదే దిగుతుంది. జావలో బెల్లం వేసినా ఫరవాలేదు, అది పంచదార కాదు.

అరండల్‌పేట డైటీషియన్
మాస్టారు గారి మాటలో కొర్రన్నం, జొన్నరొట్టె వరకు నాకు పేచీ లేదు. జావ దగ్గరే ఆగాలి. ముందు పటమట అమ్మాయి గారి అసలు ప్రశ్నకు జవాబు చెబుతాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే తికమకపడతారు.

మీ పరగడుపు షుగర్ 91 దగ్గర నిలబడి ఉంది నిజమే, కానీ దాన్ని అక్కడ నిలబెట్టడానికి మీ క్లోమం ఎంత ఇన్సులిన్ విడుదల చేయవలసి వస్తున్నదో చూడండి. కండరాలు, కాలేయం ఇన్సులిన్ మాట సరిగా వినకపోతే క్లోమం మరింత విడుదల చేసి పని గడుపుకుంటుంది. అలా గడుపుకోగలిగినన్నాళ్లు షుగర్ రిపోర్టు మామూలుగానే కనిపిస్తుంది. చిక్కు ఏమిటంటే, కండరాలు వినకపోయినా అండాశయం మాత్రం ఇన్సులిన్ మాట వింటూనే ఉంటుంది. రక్తంలో ఎక్కువగా ఉన్న ఇన్సులిన్ అండాశయం చేత పురుష హార్మోన్లను ఎక్కువగా తయారు చేయిస్తుంది. అదే ఇన్సులిన్ కాలేయంలో ఈ హార్మోన్లను పట్టి ఉంచే ప్రోటీన్ తయారీని తగ్గిస్తుంది కాబట్టి, తయారైన హార్మోను కూడా పట్టు లేకుండా రక్తంలో స్వేచ్ఛగా తిరుగుతుంది. గడ్డం కింద రోమాలు దానివల్లే. అండం ఎదుగుదల మధ్యలో ఆగిపోయి నెలసరి ఆలస్యం కావడంలో కూడా దీనికి పెద్ద వాటా ఉంది. అందుకే మీకు చెప్పిన పథ్యం షుగర్ కోసం కాదు, ఇన్సులిన్ కోసం.

ఒక ప్రశ్న. మెడ వెనుక, చంకలలో చర్మం నల్లగా, ముతకగా, వెల్వెట్ గుడ్డలాగా మారిందా? అలాగే 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటల తరువాత చేసే పరీక్ష జరిగిందా? పీసీఓఎస్‌లో పరగడుపు షుగర్ ఒక్కటి చూస్తే చాలామందిలో అసలు సంగతి బయటపడదు.

పటమట అమ్మాయి
మెడ నల్లబడిందండి. గొలుసు రాపిడి వల్ల అనుకుని శనగపిండితో రుద్దుతూ వస్తున్నాను. గ్లూకోజ్ తాగించే పరీక్ష చేయలేదు. రేపే చేయించుకుని, ఈరోజు నుంచే అన్నం మానేయమంటారా?

బెజవాడ ల్యాబ్ టెక్నీషియన్
దయచేసి ఈరోజు నుంచి మానేయకండి. ఆ పరీక్షకు ముందు మూడు రోజులు మామూలు భోజనమే చేయాలి, రోజుకు 150 గ్రాములకు తక్కువ కాకుండా పిండిపదార్థం పడాలి. ముందే అన్నం మానేసి వస్తే రెండు గంటల విలువ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించే ప్రమాదం ఉంది. మా దగ్గరకు అలా వచ్చి, రిపోర్టు చూసి కంగారుపడిన వారు ఉన్నారు. పరీక్షకు ముందు రోజు రాత్రి నుంచి ఏమీ తినకుండా రావాలి, గ్లూకోజ్ తాగిన తరువాత ఆ రెండు గంటలూ అటూ ఇటూ నడవకుండా కూర్చోవాలి.

ఇన్సులిన్ 22 గురించి కూడా ఒక మాట. ఈ విలువ ల్యాబును బట్టి, రోజును బట్టి మారుతుంది. రక్త నమూనాలో ఎర్రకణాలు చితికిపోతే ఇన్సులిన్ తక్కువగా కూడా చూపవచ్చు. 91ని 22తో గుణించి 405తో భాగిస్తే 4.9 వస్తుంది. శరీరం ఇన్సులిన్ మాట ఎంత వినడం లేదో అంచనా వేయడానికి ఈ లెక్కను చాలామంది వైద్యులు చూస్తారు, కానీ ఇంత దాటితే జబ్బు అని అందరూ ఒప్పుకున్న గీత ఏదీ లేదు.

అరండల్‌పేట డైటీషియన్
టెక్నీషియన్ గారు చెప్పింది నిజం. 2023లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా ఇన్సులిన్ పరీక్షను అందరికీ అలవాటుగా చేయించవద్దనే చెబుతున్నాయి. 22 అనే అంకె ఒక్కటే ఉంటే నేను అంత గట్టిగా మాట్లాడేదాన్ని కాదు. మెడ నలుపు, ఎత్తుకు మించిన బరువు, నెలసరి తీరు అన్నీ ఇన్సులిన్ ఎక్కువగా ఉన్నదన్న వైపే చూపుతున్నాయి కాబట్టి మాట్లాడుతున్నాను. మెడను రుద్దడం మాత్రం ఆపండి, అది మురికి కాదు. రుద్దితే చర్మం ఇంకా ముతకబారుతుంది.

సన్నజాజి
నాది గుంటూరు, నాకూ పీసీఓఎస్ ఉంది. మా నాన్నగారి గ్లూకోమీటరుతో సరదాగా చూసుకున్నాను. బెల్లం రాగి జావ తాగిన గంటకు 162 చూపింది. మరో రోజు రెండు పెసరట్లు తిన్న గంటకు 124 చూపింది. రాగులు మంచివని ఇంట్లో అందరూ అంటుంటే ఈ తేడా ఎందుకో నాకు అంతుపట్టలేదు.

మిల్లెట్ మాస్టారు
ఒక్కసారి చూసిన మీటరును నమ్మి రాగులను తప్పుపట్టడం న్యాయం కాదమ్మా. మా ఇంట్లో మూడు తరాలుగా జావ తాగుతున్నాం.

అరండల్‌పేట డైటీషియన్
ఒక్క రీడింగుతో తీర్పు చెప్పకూడదన్నది నిజమే. ఇంట్లో వాడే మీటరు పదిహేను శాతం అటూ ఇటూ చూపవచ్చు. పైగా అది ఇన్సులిన్‌ను అసలు చూపదు. 124 తెప్పించడానికి ఎంత ఇన్సులిన్ ఖర్చయిందో మీటరుకు తెలియదు. కాబట్టి మీటరులో తక్కువ వచ్చిన ప్రతిదీ మంచిదని కూడా అనుకోకూడదు. అయినా సన్నజాజి గారికి వచ్చిన తేడా ఆశ్చర్యపడవలసింది కాదు.

రాగులలో కాల్షియం మెండుగా ఉంటుంది, అందులో సందేహం లేదు. కానీ పిండిపదార్థం విషయంలో వంద గ్రాముల రాగులకూ వంద గ్రాముల బియ్యానికీ మధ్య పెద్ద తేడా లేదు. ఆ రాగిని మెత్తగా పిండి పట్టించి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, పలుచగా చేసి తాగినప్పుడు నమలవలసిన పని కూడా ఉండదు. గింజ రూపంలో ఉన్నప్పుడు జీర్ణాన్ని నెమ్మదింపజేసే అడ్డంకులు మరలోనే, గిన్నెలోనే తొలగిపోయాయి. దానికి బెల్లం తోడైతే, రక్తంలోకి చేరే వేగంలో బెల్లానికీ పంచదారకూ చెప్పుకోదగ్గ తేడా ఉండదు. అదే రాగిని గట్టి సంగటిగా చేసి, నిమ్మకాయంత ముద్ద పప్పుతోనో కోడికూరతోనో తింటే కథ వేరు. కొర్రలు గింజగానే వండుకుంటాం కాబట్టి కొంత మేలు, అయితే కొర్రన్నం కూడా కంచం నిండా పెట్టుకుంటే అన్నమే.

బాపట్ల రైతుబిడ్డ
అన్నాన్ని దోషిగా నిలబెట్టే ముందు ఏ బియ్యమో కూడా చూడాలి కదా. మా బాపట్ల పరిశోధన స్థానం ఇచ్చిన బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, ఊరూరా తింటున్నారు. దాన్నే హైదరాబాదులోని వరి పరిశోధన సంస్థ, సీసీఎంబీ కలిసి బాక్టీరియా ఆకు ఎండు తెగులును తట్టుకునేలా మెరుగుపరిచాయి. ఆ మెరుగైన రకానికి గ్లైసెమిక్ సూచిక, అంటే తిన్నది రక్తంలో షుగర్‌ను ఎంత వేగంగా పెంచుతుందో చూపే అంకె, 51 దగ్గర వచ్చిందని ప్రకటించారు. మామూలు తెల్లబియ్యానికి అంతకంటే బాగా ఎక్కువ ఉంటుంది. ఇంకొక మాట, మా ఇళ్లలో పొద్దున చద్దన్నంలో పెరుగు, ఉల్లిపాయ వేసుకుని తినేవాళ్లం. వండిన అన్నం చల్లారితే పిండిపదార్థంలో కొంత భాగం జీర్ణం కాని రూపంలోకి మారుతుందని ఇప్పుడు చెబుతున్నారు కదా.

అరండల్‌పేట డైటీషియన్
రెండూ నిజాలే, రెండింటికీ హద్దు ఉంది. కొట్లో బస్తా మీద సాంబ మసూరి అని ఉన్నంత మాత్రాన మీరు చెప్పిన మెరుగైన రకమే లోపల ఉంటుందన్న భరోసా లేదు. పాలిష్ ఎంత పట్టారో, ఎంత మెత్తగా వండారో కూడా ఆ సూచికను మారుస్తాయి. చద్దన్నం వల్ల వచ్చే తగ్గుదల ఉన్నా కొద్దిగానే ఉంటుంది. పెద్ద గిన్నెడు చద్దన్నం తినడం కంటే చిన్న గిన్నెడు వేడన్నం తినడమే మీ ఇన్సులిన్‌కు తేలిక.

ఇప్పుడు పటమట అమ్మాయి గారి పొద్దుటిపూటను లెక్క వేసి చూపిస్తాను. ముప్పై గ్రాముల రాగిపిండి, చిన్న బెల్లం ముక్క కలిస్తే జావలో దాదాపు 40 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. నాలుగు ఇడ్లీలలో మరో 45 నుంచి 50 వరకు ఉంటుంది. రెండు చెంచాల పంచదార వేసిన టీ, మూడు బిస్కెట్లు కలిసి 25 దాకా వస్తాయి. పదకొండు గంటలయ్యేసరికి 110 గ్రాములు దాటాయి. ప్రోటీన్ మాత్రం, మినప్పప్పుదీ పల్లీలదీ కలిపినా 15 గ్రాములకు అటూ ఇటూగానే ఉంది. మొత్తం ఎంత అన్నదానికంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది వాటి మధ్య ఉన్న ఎడం. ఆరున్నరకు ఎక్కిన ఇన్సులిన్ పూర్తిగా దిగకముందే ఎనిమిదిన్నరకు మళ్లీ ఎక్కుతుంది, అది దిగకముందే పదకొండుకు టీ, బిస్కెట్లు వస్తాయి. మీలాగా ఇన్సులిన్ మాట చెల్లని శరీరంలో ఆ దిగడం మామూలు వారికంటే ఇంకా ఆలస్యమవుతుంది.

దీన్ని మార్చడానికి బజారులో కొత్త సరుకు కొనవలసిన పని లేదు. జావను తీసేసి, ఎనిమిది గంటలకు ఒక్కటే టిఫిను పెట్టుకోండి. అరవై గ్రాముల పొట్టు పెసలు రాత్రి నానబెట్టి రుబ్బితే రెండు మోస్తరు పెసరట్లు వస్తాయి. వాటిలో పిండిపదార్థం 30 గ్రాముల దగ్గర, ప్రోటీన్ 14 గ్రాములు ఉంటాయి. ఒక ఉడికించిన గుడ్డు చేరిస్తే ప్రోటీన్ 20 అవుతుంది. గుడ్డు తినని వారు పల్లీ చట్నీ ఇంకొంచెం వేసుకోవచ్చు. అయితే మూడు చోట్ల మోసపోతారు. హోటల్లో అట్టు కరకరలాడడానికి పిండిలో బియ్యం కలుపుతారు. లోపల ఉప్మా పెట్టించుకుంటే రవ్వ వచ్చి చేరుతుంది. అల్లం పచ్చడిలో బెల్లం ఉంటుంది. ఈ మూడూ కలిస్తే పెసరట్టు పేరు మాత్రమే మిగులుతుంది.

ఇడ్లీ మానలేమనే రోజున రెండే వేసుకుని, చిక్కటి సాంబారు గిన్నెడు, ఒక గుడ్డు తీసుకోండి. పదకొండు గంటల టీ ఉండనివ్వండి, బిస్కెట్లు తీసేయండి, పంచదార అర చెంచాకు దించండి.

కొత్తపేట అమ్మ
మా పాపకు 15 ఏళ్లు, పెద్దమనిషి అయ్యి రెండేళ్లు అయ్యింది. స్కానింగులో నీటి బుడగలు ఉన్నాయి, పీసీఓడీ అన్నారు. మీరు చెప్పిన పెసరట్టు లెక్క మా పాపకు కూడా పెట్టవచ్చా? అన్నం తగ్గిస్తే ఎదుగుదల ఆగిపోతుందేమోనని మా అత్తగారు భయపడుతున్నారు.

అరండల్‌పేట డైటీషియన్
అమ్మా, పెసరట్టు ఎవరికైనా పెట్టవచ్చు. కానీ మీ పాపకు ఆ పేరు పెట్టే విషయంలో తొందరపడవద్దు. రజస్వల అయిన తరువాత ఎనిమిదేళ్ల వరకు స్కానింగును ఆధారంగా తీసుకుని పీసీఓఎస్ అని చెప్పకూడదన్నది ఇప్పటి పద్ధతి, ఎందుకంటే ఆ వయసులో అండాశయం చాలామందిలో అలాగే కనిపిస్తుంది. నెలసరి తేదీలు, మొటిమలు, రోమాల వివరాలు రాసుకుని స్త్రీల వైద్యనిపుణురాలిని మళ్లీ కలవండి. తిండిని కొలిచి పెట్టకండి. మీ అత్తగారి భయంలో అర్థం ఉంది.

లక్ష్మీపురం విద్యార్థిని
నేను 46 కిలోలే ఉన్నాను, ఎత్తు 160. స్కానింగు చూసి పీసీఓఎస్ అన్నారు. ఒక వీడియో చూసి అన్నం, ఇడ్లీ, పండ్లు అన్నీ మానేశాను. నాలుగు నెలలుగా నెలసరి పూర్తిగా ఆగిపోయింది. ఇంకా ఏమి మానేయాలో చెప్పండి అక్కా.

అరండల్‌పేట డైటీషియన్
ఇంకేమీ మానవద్దమ్మా. మానేసినవి తిరిగి తినడం మొదలుపెట్టు. ఎత్తుకు తగ్గ బరువు లేనప్పుడు తిండి తగ్గిస్తే, అండాశయానికి ఆదేశం పంపే మెదడు భాగం ఆ ఆదేశాన్నే నిలిపివేస్తుంది, అప్పుడు కూడా నెలసరి ఆగిపోతుంది. ఆ స్థితిలో స్కానింగు తీస్తే కొందరిలో పీసీఓఎస్‌లాగే కనిపిస్తుంది. ఈ రెండింటికీ చికిత్స ఒకదానికొకటి ఎదురు. సన్నగా ఉండి కూడా నిజంగా పీసీఓఎస్ ఉండి, శరీరం ఇన్సులిన్ మాట వినని వాళ్లు ఉన్నారు, కానీ నీది ఏదో హార్మోను పరీక్షలు చూడకుండా ఇక్కడ కూర్చుని ఎవరూ చెప్పలేరు. మూడు నెలలకు మించి నెలసరి రాకపోతే, కారణం ఏదైనా సరే, వైద్యులను కలవాలి. పీసీఓఎస్‌లోనైతే గర్భాశయ పొర రాలకుండా మందంగా పేరుకుపోవడం మంచిది కాదు. ఈ వారంలోనే వెళ్లు.

మిల్లెట్ మాస్టారు
సరే, జావ మాట పక్కన పెడదాం. పాలు, పెరుగు మాత్రం పీసీఓఎస్‌లో విషంతో సమానమని ఎన్నో చోట్ల చదివాను. దాని గురించి ఎవరూ మాట్లాడరేం?

సన్నజాజి
నాకు కూడా ఇదే సందేహం. పాలు మానితే మొటిమలు తగ్గాయి. నెలసరిలో తేడా ఏమీ రాలేదు. పెరుగన్నం లేకుండా భోజనం ముగించడం మాత్రం నా వల్ల కాలేదు.

అరండల్‌పేట డైటీషియన్
పాలు తాగితే రక్తంలో షుగర్ పెరిగేదానికంటే ఇన్సులిన్ ఎక్కువగా పెరుగుతుందన్నది గమనించిన విషయమే. అంతమాత్రాన పాలు మానేస్తే పీసీఓఎస్ బాగవుతుందన్నది తేలలేదు. మొటిమలు ఎక్కువగా ఉన్నవారు కొన్నాళ్లు పాలు మాని చూస్తామంటే నేను వద్దనను, పెరుగును మాత్రం తీయనివ్వను. శాకాహారులకు ప్రోటీన్ వచ్చే దారులలో అదొకటి.

బెజవాడ ల్యాబ్ టెక్నీషియన్
నేను ఒప్పుకోలేకపోతున్నానండి. మా ఇంట్లో ఒకరికి పాలూ పెరుగూ రెండూ మానిన తరువాతే నెలసరి దారిలో పడింది.

అరండల్‌పేట డైటీషియన్
అయి ఉండవచ్చు. వారు పాలతోపాటు రోజుకు మూడు పంచదార టీలు కూడా మానారేమో ఒకసారి అడగండి.

పటమట అమ్మాయి
మూడు రోజులు మామూలుగా తిని పరీక్ష చేయించుకున్నాను. పరగడుపున 93, రెండు గంటలకు 151 వచ్చింది. ఇది షుగర్ వ్యాధేనా? డాక్టరు గారు మెట్‌ఫార్మిన్ రాశారు. మందు వేసుకుంటే అన్నం మామూలుగా తినవచ్చు కదా అని మా అమ్మ అంటున్నారు. ఇంట్లో అందరికీ ఒకే వంట, నా ఒక్కదాని కోసం వేరే వండడం కుదరదు.

అరండల్‌పేట డైటీషియన్
షుగర్ వ్యాధి కాదు. రెండు గంటల విలువ 200 గానీ అంతకు మించి గానీ ఉంటే అది. మీది 140కి 199కి మధ్య ఉంది, అంటే దానికి ముందు మెట్టు. పరగడుపు అంకె ఒక్కటే చూసి ఉంటే ఇది తెలిసేదే కాదు. మెట్‌ఫార్మిన్ కాలేయం విడుదల చేసే గ్లూకోజ్‌ను తగ్గించి ఇన్సులిన్ అవసరాన్ని కొంత దించుతుంది, కంచంలో ఉన్న అన్నాన్ని మాత్రం తగ్గించదు. భోజనం తరువాత వేసుకోండి, మొదట్లో కడుపులో వికారం ఉంటే డాక్టరు గారికి చెప్పండి. ఏళ్ల తరబడి వాడవలసి వస్తే బి12 చూపించుకుంటూ ఉండాలి, శాకాహారులైతే మరీను.

వేరే వంట అక్కరలేదు, వడ్డన మారితే చాలు. ఇప్పుడు మీ క్యారియర్‌లో అన్నం 350 గ్రాములు ఉంటుందని నా అంచనా, అంటే పిండిపదార్థం వంద గ్రాముల దగ్గర. దాన్ని 200 గ్రాములకు దించండి, అదే గిన్నెలో మిగిలిన చోటును గట్టి పప్పుతో, కూరతో నింపండి. బంగాళదుంప, చేమదుంప వేపుడు ఉన్న రోజున దాన్ని కూరగా కాక అన్నం కిందే లెక్కించండి. దొండకాయ, బీరకాయ, గోరుచిక్కుడు ఉన్న రోజున ఆ బెంగ లేదు. ముందు కూరలో సగం, పప్పులో కొంత ఉత్తినే తిని, ఆ తరువాత అన్నం కలుపుకోండి. ఈ వరుస వల్ల భోజనానంతర షుగర్ తక్కువగా పెరిగిందని షుగర్ ఉన్నవారిపై చేసిన చిన్న పరిశీలనల్లో కనిపించింది. పీసీఓఎస్ ఉన్నవారిలో అంత గట్టి రుజువు లేదు, కానీ ఖర్చు లేని పని. తిన్న తరువాత పావుగంట నడిస్తే కండరం ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే గ్లూకోజ్‌ను లాక్కుంటుంది. మీలాంటి వారికి నేను మొదట చెప్పేది ఇదే. రాత్రి భోజనాన్ని ఎనిమిదికి జరపగలరేమో చూడండి.

ఫలానా ఆహార పద్ధతే మిగతావాటికంటే మేలని పీసీఓఎస్‌లో ఎవరూ నిరూపించలేదు కాబట్టి, ఇంట్లో నిలిచేది ఏదో అదే మీకు సరైనది. బరువు 71లో మూడున్నర కిలోలు తగ్గినా నెలసరి దగ్గరపడే అవకాశం ఉంది. అండం ఎదగడానికే నెలలు పడుతుంది కాబట్టి, ఒక నెలసరి ఆలస్యమైందని అన్నీ వదిలేయకండి. నెలసరి తేదీలు, నడుము కొలత రాసిపెట్టుకుని ఆరు నెలల తరువాత చూసుకోండి.

పటమట అమ్మాయి
కూర, పప్పు ముందు తినడం క్యారియర్‌లో కుదురుతుంది. మధ్యాహ్నం కౌంటర్ వదిలి పావుగంట నడవడం కష్టం, రాత్రి భోజనం తరువాత మా మేడ మీద నడుస్తాను. నానబెట్టిన పెసలు మిగిలితే ఫ్రిజ్‌లో ఎన్నాళ్లు ఉంచవచ్చో, మొలకలొచ్చిన పెసలతో అట్టు వేస్తే లెక్క మారుతుందో కూడా చెప్పగలరా?

అరండల్‌పేట డైటీషియన్
రుబ్బకుండా నీళ్లు వంచేసి మూతపెట్టి ఉంచితే రెండు రోజులు ఫరవాలేదు. రుబ్బిన పిండిని మాత్రం పులియనివ్వకుండా ఏ రోజుది ఆ రోజు వాడుకోండి. మొలకలొచ్చినవాటితో వేసినా లెక్కలో పట్టించుకోవలసినంత తేడా రాదు, అట్టు పెనానికి అంటుకోవడం తప్ప.